మావాడు పదకొండు అడుగులు వేశాడు, నేనేం రాయాలి?

గోదారిగట్టు
మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఆదివారం మావాడొకడు నలభై సెకన్ల వీడియో పెట్టాడు. వాడికి పోయిన వినాయక చవితి వెళ్ళిన వారానికి జీబీఎస్ అనే నరాల జబ్బు వచ్చింది. ముందు కాళ్ళల్లో తిమ్మిర్లన్నాడు, మూడో రోజుకి మంచం దిగలేకపోయాడు, ఐదో రోజుకి వెంటిలేటర్. ఐసీయూలోనే ఐదు వారాలు. ఇప్పటికి తొమ్మిది నెలలు.

వీడియోలో డైనింగ్ టేబుల్ కుర్చీలోంచి లేచి ఫ్రిజ్ దాకా నడిచాడు. వాకర్ లేదు. పాదాలకి తెల్లటి ప్లాస్టిక్ పట్టీలు, వాటి మీద బూట్లు. లెక్కపెట్టాను, పదకొండు అడుగులు. మధ్యలో ఒకసారి గోడ ముట్టుకున్నాడు. కింద "ఈ వారం సంగతి" అని రెండు ముక్కలు రాశాడు, అంతే.

ఇక మావాళ్ళు మొదలెట్టారు. "అయ్యో, ఎలా ఉండేవాడివి ఎలా అయిపోయావురా", "చూస్తుంటే కన్నీళ్ళు ఆగట్లేదు", "గెట్ వెల్ సూన్", దండాలు పెట్టే బొమ్మలు ముప్ఫై. నేను తెలివిగా రాశాననుకుని "త్వరలో షటిల్ కోర్టులో కలుద్దాం" అన్నాను. వాడు ఎవరికీ జవాబివ్వలేదు. నిన్న వాళ్ళావిడ ఫోన్‌లో చెప్పింది, "వీడియో పెట్టకుండా ఉండాల్సింది అంటున్నారన్నయ్యా" అని. మనసు చివుక్కుమంది. వాడికి సంతోషంగా అనిపించేలా ఇంకో మాట రాయాలనుంది. ఏం రాయాలి?

చింతచిగురు
ముప్ఫై దండాలా? వీడియో పెట్టింది మనిషా, అమ్మవారా?

అన్నీతెలుసు_కొంచెం
ఇందులో అంత టెన్షన్ ఏముంది. జీబీఎస్ ఆరు నెలల్లో పూర్తిగా తగ్గిపోతుంది, మా ఆఫీసులో ఒకతను లేచి తిరుగుతున్నాడు. "ఇంకొన్నాళ్ళే, మునుపటిలా అయిపోతావు" అని ధైర్యం చెప్పండి చాలు. అన్నట్టు ఇది 2025 జనవరిలో పుణెలో ఒకేసారి చాలామందికి వచ్చింది కదా, అంటుకుంటుందేమో, వెళ్ళి చూసేటప్పుడు జాగ్రత్త.

కండరం_కబుర్లు
అంటుకోదండీ. దానికి ముందు వచ్చే విరేచనాలో జ్వరమో ఒకరి నుంచి ఒకరికి రావచ్చు. పుణెలో నీళ్ళని అనుమానించింది అందుకే. ఆ సూక్ష్మజీవి మీద పోరాడాల్సిన ఒంటి కాపలా దళం పొరపాటున సొంత నరాల మీదే పడటం, అదీ జీబీఎస్. తొమ్మిది నెలల తర్వాత మనిషిని చూడ్డానికి వెళ్తే అంటేదేమీ ఉండదు. దయచేసి ఇది చదివి ఎవరూ ఆయనింటికి మాస్కు పెట్టుకుని వెళ్ళకండి.

ఆరు నెలల మాట సగం నిజం. ఆరు నెలలయ్యేసరికి పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఎవరి సాయం లేకుండా నడుస్తారు. కానీ నడవడం వేరు, పూర్తిగా తగ్గడం వేరు. వెంటిలేటర్ దాకా వెళ్ళినవాళ్ళకి ఎక్కువ కాలం పడుతుంది. రెండేళ్ళ తర్వాత కూడా కొంచెం కొంచెం మెరుగయ్యేవాళ్ళున్నారు, కొంత బలహీనత అలాగే మిగిలిపోయేవాళ్ళూ ఉన్నారు. అందుకని "మునుపటిలా అయిపోతావు" అనేది మీ చేతిలో లేని హామీ.

గోదారిగట్టు గారూ, ఒక ప్రశ్న. నేను ఫిజియోథెరపిస్టుని, పద్నాలుగేళ్ళుగా ఇదే పని. కుర్చీలోంచి లేచేటప్పుడు ఆయన చేతులు ఎక్కడున్నాయి?

గోదారిగట్టు
మళ్ళీ చూసొచ్చాను. చేతులు ఛాతీ మీద కట్టుకున్నాడు. మొదటిసారి సగం లేచి కూర్చుండిపోయాడు, రెండోసారి లేచాడు. ఇది నేను ముందు గమనించనేలేదు.

కండరం_కబుర్లు
అనుకున్నాను. మీరంతా నడక చూశారు. ఆయన చూపించింది కుర్చీ.

మనం ఒక కుర్చీలోంచి లేస్తే తెలియకుండానే చేతుల్తో తొడల మీదో, కుర్చీ చేతుల మీదో ఒక తోపు తోస్తాం. చేతులు కట్టేసుకుంటే బరువంతా తొడలూ పిరుదులే మొయ్యాలి. మా దగ్గర బలం లెక్కించే పద్ధతుల్లో ఇదొకటి, అర నిమిషంలో ఇలా ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెడతాం. ఆయనకి ఎవరో నేర్పారు, అందుకే చేతులు కట్టుకుని వీడియో తీయించుకున్నాడు. ఆ మొదటి ప్రయత్నం కూడా కత్తిరించకుండా ఉంచాడు చూడండి.

ఇక ఆ పాదాల పట్టీలు. ఈ జబ్బులో బలం మామూలుగా మొదలు నుంచి చివరకి వస్తుంది. ముందు నడుము, తొడ, ఆ తర్వాత పిక్క, ఆఖరున పాదం, వేళ్ళు. నరం మీది తొడుగు మాత్రమే దెబ్బతింటే అది వారాల్లో, నెలల్లో మళ్ళీ పడుతుంది. లోపలి తీగే తెగితే మాత్రం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి. అంటే నెలకి అంగుళం. మోకాలి నుంచి పాదానికి ఎంత దూరమో మీరే కొలుచుకోండి. లెక్క అంత సూటిగా నడవదు, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. కానీ తొమ్మిది నెలలకి పాదం ఇంకా పైకి లేవట్లేదంటే అది వెనకబడటం కాదు, దాని వంతు ఇంకా రాలేదు. అలాంటివాడికి షటిల్ కోర్టు మాట చెబితే ఏం వినపడుతుంది? పాదం గుర్తొస్తుంది. తొడ సాధించింది మాయమైపోతుంది.

గోదారిగట్టు
అబ్బా. నేను మంచి మాట అనుకునే అన్నాను.

రెండోఇన్నింగ్స్
నేను చెప్పొచ్చా, నాది 2017. అదే జబ్బు, వెంటిలేటర్ దాకా వెళ్ళలేదు కానీ నాలుగు నెలలు మంచం.

షటిల్ మాట నాకూ పడేది. నాకు క్రికెట్. "వచ్చే ఏడు టోర్నమెంట్‌కి రెడీ అయిపోవాలి మావా" అనేవాళ్ళు. ఆ రోజుల్లో నా టోర్నమెంట్ చొక్కా గుండీలు. వేళ్ళలో స్పర్శ లేదు, గుండీ దొరికిందో లేదో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. ఒకరోజు ఐదు గుండీలూ నేనే పెట్టుకున్నాను, ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఫోటో మా తమ్ముడికి పంపితే వాడు రాసింది ఇప్పటికీ దాచుకున్నాను: "కాలర్ గుండీ కూడానా? అది నాకే పట్టదు." అంతే. వాడికి తెలుసు కాలర్ గుండీ కష్టమని.

"ఫైటర్", "యోధుడు" అన్నవాళ్ళున్నారు. నాకు యుద్ధం చేసినట్టు లేదు, పడుకుని ఉన్నాను, సెలైన్ లాంటి సీసాలు ఐదు రోజులు ఎక్కించారు, అంతే నాకు గుర్తు. ఇంకా "దేవుడి మహిమ, మిరాకిల్" అనేవాళ్ళు. నేనూ దేవుడికి దండం పెట్టుకునేవాణ్ణే. కానీ రోజుకి రెండు పూటలా బంతి నొక్కుతూ ఏడ్చిన నాలుగు నెలలూ ఎవరి ఖాతాలోకి పోయాయండీ?

మంగళగిరి_మావయ్య
మా అత్తగారికి రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయ్యి ఐదు వారాలు. ఆవిడ కూడా కుర్చీలోంచి లేవలేకపోతోంది. కొంచెం ఎత్తుగా ఉండే కుర్చీ ఎక్కడ దొరుకుతుంది?

చింతచిగురు
మావయ్యా, ఇది వేరే పంచాయితీ.

పాతపంతులు
మీరంతా "అయ్యో" అన్నవాళ్ళని మరీ బోనెక్కిస్తున్నారు. మన భాషలో అయ్యో అంటే జాలి ఒక్కటే కాదు. బిడ్డ తూలితే తల్లి నోట ముందు వచ్చే మాటే అయ్యో. నాకు 71 ఏళ్ళు, పోయినేడు జ్వరంతో నెల రోజులు పడుకుంటే నన్ను చూడవచ్చి అయ్యో అనని వాళ్ళే నాకు గుర్తున్నారు.

వంటింటి_కిటికీ
పంతులు గారూ, మీ మాట కాదనను. కానీ జ్వరంలో ఉన్నప్పుడు అయ్యో అనడం వేరు, లేచి నడిచిన రోజు అనడం వేరు. మావారికి వెన్నెముక టీబీ. ఏడాదిన్నర మాత్రలు, ఆరు నెలలు నడుముకి బెల్టు. పడుకున్నప్పుడు అయ్యో అన్నవాళ్ళు నాకూ కావాల్సివచ్చారు, నాతో కలిసి ఏడవడానికి. బెల్టు తీసేసిన రోజు కూడా అదే మొహంతో వచ్చి అయ్యో అంటే ఒళ్ళు మండింది. వాళ్ళకి ఆయన ఇంకా మంచం మీదే ఉన్నాడు.

ఇంకోటి. ఆయన్ని పొగడటానికి మాట దొరక్క నన్ను పట్టుకునేవాళ్ళు. "మీ ఆవిడ సతీ సావిత్రి, ఆవిడ లేకపోతే ఏమైపోయేవాడివో." పాపం ఆయన తలదించుకునేవాడు. నాకూ ఇబ్బందే. యముడి వెంట పడలేదండీ నేను, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

చింతచిగురు
"యముడి వెంట పడలేదు, ఆటోలో" 😂 ఇది ఫ్రేమ్ కట్టించాలి.

అన్నీతెలుసు_కొంచెం
సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ప్రోత్సాహం తప్పా? "ఈసారి పదకొండు, వచ్చే ఆదివారానికి ఇరవై" అంటే పట్టుదల వస్తుంది కదా. జిమ్‌లో మేం అలాగే అనుకుంటాం.

కండరం_కబుర్లు
జిమ్‌లో కండరం బాగానే ఉంది, దానికి పని ఎక్కువ చెబుతున్నారు. ఇక్కడ కండరానికి కబురు మోసే నరమే బాగవుతోంది. ఈ జబ్బు తర్వాత ఒకరకం అలసట ఉంటుంది, బలం వచ్చాక కూడా చాలామందిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఈరోజు ఉత్సాహంలో ఎక్కువ చేస్తే రేపు చెంచా ఎత్తబుద్ధి కాదు. నా దగ్గర ఒకాయన కొడుకు వీడియో తీస్తున్నాడని రెండు రౌండ్లు ఎక్కువ నడిచి, తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. చేసిన దానికి మర్నాడు కూడా ఒళ్ళు తేరుకోకపోతే మోతాదు మించినట్టు. ఆ మోతాదు ఎంతో ఆయనకీ, ఆయన ఫిజియోకీ తెలియాలి, గ్రూపులో అరవైమందికి కాదు.

రెండోఇన్నింగ్స్
నిజం. పైగా మీరు ఇరవై అన్నాక ఆయన పన్నెండు వేస్తే అది ఓటమి అవుతుంది. పన్నెండు ఓటమి ఎలా అవుతుంది చెప్పండి.

అన్నీతెలుసు_కొంచెం
ఒప్పుకున్నా. నా పేరులో "కొంచెం" పెట్టుకున్నది ఇందుకే.

గోదారిగట్టు
రాశాను. చూడండి.

"ఒరేయ్, చేతుల ఆసరా లేకుండా లేచావంటే తొడ కండరాల బలం బాగా మెరుగైనట్టే. బలం పైనుంచి కిందికి వస్తుందట, పాదం ఆఖరున వస్తుందట. నరం రోజుకి ఒక మిల్లీమీటరు పెరుగుతుందట. కాబట్టి నువ్వు సరైన దారిలోనే ఉన్నావు."

చింతచిగురు
కింద సంతకం, స్టాంపు వేస్తే డిశ్చార్జ్ సమ్మరీ.

కండరం_కబుర్లు
అది నేను మీకు చెప్పింది, ఆయనకి చెప్పమని కాదు. తొమ్మిది నెలలుగా ఆయన అదే వింటున్నాడు, మనకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. ఎక్కడ చూడాలో మీకు తెలియడానికే చెప్పాను. మీరు చూశారని ఆయనకి తెలిస్తే చాలు.

రెండోఇన్నింగ్స్
గోదారిగట్టు గారూ, మధ్యలో ఆయన్ని ఎప్పుడైనా చూశారా? అంటే వీడియోకి ముందు?

గోదారిగట్టు
సంక్రాంతికి వెళ్ళాను. అప్పుడు మంచం మీద పక్కకి తిరగాలన్నా మా చెల్లెమ్మని పిలిచేవాడు, అంటే వాళ్ళావిడని. అరిసె ముక్క నేనే నోట్లో పెట్టాను. గ్లాసు పట్టుకుంటే జారిపోయింది, దుప్పటి తడిసింది. వాడు నవ్వేసి "దీన్ని కూడా స్నానం కింద రాసుకో" అన్నాడు.

రెండోఇన్నింగ్స్
ఇదే మీ దగ్గరున్న సరుకు. మీ గ్రూపులో అందరూ ఆయన్ని పోయినేడు షటిల్ ఆడినవాడితో పోల్చారు, అందుకే అందరికీ అయ్యో అనిపించింది. సంక్రాంతికి మంచం మీదున్నవాడితో పోల్చి చూడండి, అక్కడి నుంచి చూస్తే అయ్యో ఎక్కడొస్తుంది?

వంటింటి_కిటికీ
అవునుగానీ నోట్లో పెట్టింది, దుప్పటి తడిసింది గ్రూపులో రాయకండి. అది మీ ఇద్దరి మధ్య మాట. మావారి స్నేహితుడొకడు సరదాగా "బెడ్‌పాన్ నుంచి ఇక్కడిదాకా వచ్చావు" అని ఆఫీసువాళ్ళందరి ముందూ అన్నాడు. పొగిడాననుకున్నాడు పాపం.

గోదారిగట్టు
మంచి పని చేశారు చెప్పి, సరిగ్గా అదే రాయబోయాను. మళ్ళీ రాశాను.

"ఒరేయ్, చేతులు కట్టుకుని లేచావు చూడు, అది మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. సంక్రాంతికి నేనొచ్చినప్పటికీ ఇప్పటికీ ఎంత పని జరిగింది! మొదటిసారి కూర్చుండిపోయింది తీసెయ్యకుండా ఉంచావు, అది నాకు ఇంకా నచ్చింది. కానీ గోడ ముట్టుకున్నావు, నేను చూడలేదనుకోకు. పదకొండులో ఒకటి కట్. ఇంకో రెండు నెలల్లో ఆ గోడ కూడా అక్కర్లేదు."

రెండోఇన్నింగ్స్
ఆఖరి వాక్యం తీసెయ్యండి. మళ్ళీ గడువు పెట్టారు.

కండరం_కబుర్లు
నాదీ అదే మాట. మిగతాది బాగుంది.

పాతపంతులు
"ఒకటి కట్" అంటున్నారు. జబ్బు మనిషితో వేళాకోళమా?

వంటింటి_కిటికీ
నాకూ అదే గుచ్చుకుంది. గోడ పట్టుకున్నాడని అరవైమందికి చాటింపు వేసినట్టు లేదూ?

రెండోఇన్నింగ్స్
నాకైతే అదే అన్నిటికన్నా నచ్చింది. జబ్బు పడ్డాక మొదట పోయేది మనతో జోకులేసేవాళ్ళే. అందరూ మెత్తగా మాట్లాడతారు, చచ్చేంత మెత్తగా. పైగా గోడ ముట్టుకున్నది వీడియోలో ఉంది, ఆయనే పెట్టుకున్నాడు. దుప్పటి సంగతి ఆయన పెట్టలేదు. ఆయన చూపించిన దాని మీద జోకెయ్యొచ్చు, దాచుకున్న దాని మీద కూడదు.

వంటింటి_కిటికీ
మావారైతే ఆ జోకుకి నొచ్చుకునేవారు. మనిషిని బట్టి ఉంటుందనుకుంటా.

గోదారిగట్టు
వాడూ నేనూ ఎనిమిదో తరగతి నుంచి ఒకే బెంచీ. నేను లెక్కల్లో 35 తెచ్చుకుంటే "ఒకటి కట్ చేస్తే మళ్ళీ ఇదే క్లాసు" అన్నవాడు వాడే. అందుకే ఉంచుతున్నా. గడువు తీసేశాను. భయంగానే ఉంది, పెట్టేస్తున్నా.

చింతచిగురు
పెట్టాక స్క్రీన్ వైపే చూస్తూ కూర్చోకండి, టీ తాగి రండి.

అన్నీతెలుసు_కొంచెం
ఇంతకీ ఈ జీబీఎస్ పూర్తి పేరు సరిగ్గా ఎలా పలకాలి? మా డాక్టరు గులియన్ అంటాడు, నర్సు గుల్లాన్ అంటుంది.

కండరం_కబుర్లు
గీయాన్, బారే. ఫ్రెంచి డాక్టర్ల పేర్లు. 1916లో ఇద్దరు సైనికుల్లో చూసి రాశారు. మూడో ఆయన స్ట్రోల్ కూడా కలిసి రాశాడు, పేరులో ఆయన్ని వదిలేశారు.

చింతచిగురు
గ్రూపు ప్రాజెక్టులో పనిచేసి పేరు రానివాడు అన్ని దేశాల్లోనూ ఉన్నాడన్నమాట.

గోదారిగట్టు
జవాబిచ్చాడు! గంటన్నర తర్వాత.

"గోడ ముట్టుకోలేదురా, దోమని కొట్టాను. పదకొండూ నావే."

దాని కింద ఇంకోటి: "ఆ కుర్చీ ఎత్తు 18 అంగుళాలు. పోయిన నెల దాకా దాని మీద రెండు దిండ్లు వేసుకుని లేచేవాణ్ణి. ఒక్కో దిండూ తీయడానికి మూడు వారాలు పట్టింది. ఈ సంగతి ఎవడూ అడగలేదు."

కండరం_కబుర్లు
దిండ్లు! చూశారా, అసలు కథ అది. ఎత్తు తగ్గేకొద్దీ లేవడం కష్టం, అంగుళం అంగుళం తగ్గిస్తూ వచ్చాడు. ఆయన ఫిజియో ఎవరో గానీ పని తెలిసినవాళ్ళు.

రెండోఇన్నింగ్స్
"ఎవడూ అడగలేదు" అన్నాడు చూడండి. ఇప్పుడు దిండ్ల గురించి అడగండి, మాట సాగుతుంది.

గోదారిగట్టు
అడిగాను. వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఆరు నిమిషాలు. ఆ తర్వాత ఇంకొకడు "ఏ దిండ్లురా, మందంవా పల్చటివా" అన్నాడు. ఇప్పుడు గ్రూపంతా దిండ్ల మీదే ఉంది. అయ్యో అన్నవాడు కూడా. మావాడు నన్ను ఆదివారం రమ్మన్నాడు, "చేతులు కట్టుకుని అర నిమిషంలో ఎన్నిసార్లు లేస్తావో చూస్తా, పందెం" అని. ఇప్పుడే ఇంట్లో చేసి చూశాను. పదకొండు. నాకు 46 ఏళ్ళు, ఏ జబ్బూ లేదు, మోకాళ్ళు పట్టేశాయి.

పాతపంతులు
అతను నవ్వాడు కాబట్టి సరిపోయింది. నేను మాత్రం ఇప్పటికీ ఆ "కట్" రాయకపోయేవాణ్ణి.

వంటింటి_కిటికీ
నేనూ అంతే పంతులు గారూ.

మంగళగిరి_మావయ్య
రెండు దిండ్లు వేస్తే ఎత్తు వస్తుందన్నమాట. దూదివి వేస్తే కిందికి నొక్కుకుపోవా? మా అత్తగారు కొంచెం బరువు.

కండరం_కబుర్లు
దూదివి వద్దు మావయ్యా, నొక్కుకుపోతాయి, జారుతాయి కూడా. గట్టి ఫోమ్ ముక్క కుర్చీ కొలతకి కోయించండి, పరుపుల కొట్టువాళ్ళు కోసిస్తారు. కుర్చీ వెనక గోడకి ఆనించండి. ఆవిడ చేతులు మాత్రం కట్టుకోనక్కర్లేదు, చేతులున్న కుర్చీయే చూడండి.